కర్తగా మిత్రుడు, స్వీకర్తగా అధికారి: తెలుగు పుట్టినరోజు శుభాకాంక్షల్లో చనువు, గౌరవం

వ్యాససంగ్రహం:

తెలుగులో ఆప్తమిత్రునికి చెప్పే పరిహాసపు పుట్టినరోజు మాటకూ, పై అధికారికో పెద్దలకో చెప్పే మర్యాదపూర్వక శుభాకాంక్షకూ ఉన్న తేడాను సాధారణంగా ‘నువ్వు’, ‘మీరు’ అనే సర్వనామాల తేడాగా వివరిస్తారు. ఆ వివరణ చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మిత్రుడు వాక్యంలో కర్తగా నిలుస్తాడు. అతని మీద క్రియలు ప్రయోగమవుతాయి. అధికారి స్వీకర్తగా మాత్రమే నిలుస్తాడు. ఆయనకు సంబంధించిన క్రియ తొలగిపోతుంది, లేదా పురుషప్రత్యయం లేని రూపంలోకి మారుతుంది. ఈ వాక్యనిర్మాణ భేదాన్ని, ఆశీస్సుకు ఉన్న దిశను, వ్యాజస్తుతి లక్షణాన్ని ఆధారంగా చేసుకొని కొన్ని నమూనా సందేశాలను ఇక్కడ పరిశీలించడం జరిగింది. నమూనాలన్నీ నేటి వాడుకను అనుసరించి కూర్చినవి. ఏ వ్యక్తి సందేశాన్నీ యథాతథంగా గ్రహించినవి కావు.

కీలకపదాలు: శుభాకాంక్ష, ఆశీస్సు, సంబోధన, వ్యాజస్తుతి, పరిహాసం, గౌరవవాచకం, ఔచిత్యం.

1. ఉపోద్ఘాతం:

పుట్టినరోజు శుభాకాంక్ష తెలుగువారి దైనందిన రచనలో భాగమై ఎంతోకాలం కాలేదు. పూర్వం పుట్టినరోజున తలంటు పోసేవారు, కొత్తబట్టలు పెట్టేవారు, పెద్దలు అక్షతలు వేసి దీవించేవారు. దీవెన నోటిమాట. అది ఇంట్లోనే ఉండేది. నేడు కార్యాలయంలోని పది మంది ఒకే వాట్సాప్ సమూహంలో ఒకే వ్యక్తికి రాతపూర్వకంగా శుభాకాంక్షలు చెబుతున్నారు. అందులో ఆ వ్యక్తికి కింద పనిచేసేవారుంటారు, సమానులుంటారు, చిన్ననాటి స్నేహితుడూ ఉండవచ్చు. ఎవరు ఏ వాక్యం రాశారో మిగిలిన అందరూ చూస్తారు. నోటిమాటలో నవ్వు, గొంతు, భుజం మీద చెయ్యి చేసే పనిని రాతలో వాక్యం ఒక్కటే చేయవలసి వస్తుంది. అందుచేత ఈ చిన్న ప్రక్రియలో వాక్యనిర్మాణానికి ఇంతకుముందు లేని బరువు వచ్చి పడింది.

సంబోధన సర్వనామాలపై చర్చకు రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ప్రచురించిన వ్యాసం నేటికీ ప్రారంభబిందువు. అధికారం, సాన్నిహిత్యం అనే రెండు అక్షాలపై యూరప్ భాషల సర్వనామాలను వారు వివరించారు. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’, ‘తమరు’ అనే వరుస ఈ చట్రంలో చక్కగా ఇముడుతుంది. అయితే శుభాకాంక్షలను ఈ చట్రంతో మాత్రమే చదివితే ఒక చిక్కు ఎదురవుతుంది. “మహానుభావా, తమరు ఈ ధరణిపై అవతరించిన ఈ శుభదినాన మా సాష్టాంగ నమస్కారములు స్వీకరించండి” అనే వాక్యంలో గౌరవం శిఖరస్థాయిలో ఉంది. కానీ దీన్ని అధికారికి పంపడానికి ఎవరూ సాహసించరు. ఇది గదిలో కలిసి చదువుకున్న మిత్రునికి పంపే వాక్యం. కనుక గౌరవవాచకం పెరిగినకొద్దీ గౌరవం పెరుగుతుందని చెప్పడానికి వీలులేదు. ఒక హద్దు దాటిన తరువాత అది వెక్కిరింతగా తిరగబడుతుంది. అధికారికి పనికివచ్చే వాక్యం ఎత్తైన వాక్యం కాదు, మట్టసంగా ఉండే వాక్యం. ఆ మట్టసం ఎక్కడ నుండి వస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. క్రియ లేని వాక్యం:

“సర్, మీకు హృదయపూర్వక జన్మదిన శుభాకాంక్షలు.” కార్యాలయాల్లో అత్యంత తరచుగా కనిపించే వాక్యం ఇది. ఇందులో క్రియ లేదు. ఎవరు చెబుతున్నారో వాక్యం చెప్పదు, చెబుతున్నామని కూడా అనదు. అధికారి ‘మీకు’ అనే రూపంలో, అంటే తనకు వచ్చేదాన్ని అందుకొనే స్థానంలో ఉన్నాడు. చిన్నయసూరి సంప్రదాయంలో ‘కి’, ‘కు’ ప్రత్యయాలు షష్ఠీవిభక్తి కింద లెక్కకు వచ్చినా, ఇక్కడ అవి నిర్వహించేది సంప్రదానకార్యమే. ఇచ్చే వస్తువు శుభాకాంక్ష, పుచ్చుకొనేవాడు అధికారి. ఆయన ఎటువంటివాడో, ఏమి చేశాడో, ఏమి చేయాలో ఈ వాక్యం ఒక్క మాట కూడా అనలేదు. అందువల్లనే అది సురక్షితం.

తెలుగు క్రియ స్వభావాన్ని గుర్తు చేసుకుంటే దీని విలువ తెలుస్తుంది. తెలుగులో సమాపకక్రియ చాలావరకు కర్త పురుషవచనాలను తనపై మోస్తుంది. ‘వచ్చావు’ అంటే చనువు, ‘వచ్చారు’ అంటే మన్నన. క్రియ లేని నామవాక్యంలో కూడా ‘మంచివాడివి’, ‘మంచివారు’ అనే ఎంపిక తప్పదు. అంటే శ్రోతను కర్తగా చేసి ఏ వాక్యం చెప్పినా సంబంధాన్ని ప్రకటించక తప్పదు. ‘మీకు శుభాకాంక్షలు’ అన్నప్పుడు ఆ ప్రకటన ఒక్క ‘మీకు’ దగ్గర ముగుస్తుంది. సమూహంలో రాసేవారు ఇంకో అడుగు వెనక్కి వేసి “ప్రిన్సిపాల్ గారికి జన్మదిన శుభాకాంక్షలు” అంటారు. అప్పుడు మధ్యమపురుష కూడా పోతుంది. ఎదురుగా ఉన్న మనిషి గురించి మూడో మనిషితో చెబుతున్నట్లు ఉంటుంది వాక్యం. కూడళ్ళలో కట్టే ఫ్లెక్సీలు దీన్ని చివరిదాకా తీసుకెళ్ళాయి. అక్కడ నాయకుడు ‘గారికి’ అన్న రూపంలోనే కనిపిస్తాడు. కాకపోతే ఇచ్చేవారి ఛాయాచిత్రాలు పుచ్చుకొనేవారి చిత్రానికి పోటీగా ఉంటాయి, అది వేరే చర్చ.

ఇప్పుడు మిత్రునికి పంపే వాక్యాన్ని చూడవచ్చు. “ఒరేయ్ మామా, ఇంకో ఏడు ముసలాడివయ్యావు. జుట్టు పోగొట్టుకున్నావు గానీ బుద్ధి తెచ్చుకోలేదు. సాయంత్రం బిర్యానీ పెట్టకుండా తప్పించుకున్నావో, చూసుకో మరి.” ఇందులో శుభాకాంక్ష అనే మాటే లేదు. అయ్యావు, పోగొట్టుకున్నావు, తెచ్చుకోలేదు, తప్పించుకున్నావో, చూసుకో అని క్రియలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. అన్నిటికీ కర్త మిత్రుడే. ముఖ్యంగా ‘కొను’ అనే సహాయక్రియను గమనించాలి. ‘జుట్టు పోయింది’ అంటే ప్రకృతి చేసిన పని. ‘జుట్టు పోగొట్టుకున్నావు’ అంటే మిత్రుడు సంతలో సంచి పోగొట్టుకున్నట్లు అజాగ్రత్తగా చేసిన పని. బట్టతలకు అతన్ని బాధ్యుణ్ణి చేయడంలోనే హాస్యం పుట్టింది. వ్యాకరణం ఇక్కడ అలంకారం కాదు, ఛలోక్తికి అసలు యంత్రం.

‘పుట్టినరోజు’, ‘జన్మదినం’ అనే జంటలో కూడా ఈ తేడా ఛాయ ఉంది. రెండింటి అర్థం ఒకటే. మొదటిదానిలో ‘పుట్టిన’ అనే క్రియాజన్య విశేషణం ఉంది, రెండవది క్రియ జాడ పూర్తిగా చెరిగిపోయిన తత్సమ సమాసం. స్నేహితునితో “నువ్వెందుకు పుట్టావురా” అనవచ్చు. అధికారితో “మీరు పుట్టిన రోజు” అనడం తప్పు కాకపోయినా కొంచెం పచ్చిగా వినిపిస్తుంది, అందుకే ‘జన్మదినం’ ముందుకు వస్తుంది. ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ అనేది మాత్రం ఇద్దరికీ చెల్లే మధ్యేమార్గంగా స్థిరపడింది.

3. ఆశీస్సుకు దిశ ఉంది:

కావ్యారంభం ఆశీస్సుతోనో, నమస్కారంతోనో, వస్తునిర్దేశంతోనో ఉండాలన్న దండి ఆశీస్సును ఒక అలంకారంగా కూడా గ్రహించాడు. ఆశీస్సు, నమస్కారం వేరువేరుగా లెక్కించబడటం ప్రస్తుత విషయానికి ముఖ్యం. ఆశీస్సు పైనుండి కిందికి వస్తుంది. నమస్కారం కిందినుండి పైకి వెళుతుంది. ఆంగ్ల ప్రభావంతో వచ్చిన ‘శుభాకాంక్ష’ ఈ రెండింటికీ నడుమ నిలిచింది. దానికి పేరులో కోరిక ఉంది, దిశ లేదు. అందరూ అందరికీ చెప్పగల మాటగా అది నిలదొక్కుకోవడానికి ఇదొక కారణం కావచ్చు.

చిక్కు ఎక్కడంటే, శుభాకాంక్షకు తరువాత రాసే రెండవ వాక్యంలో. మొదటి వాక్యం పొడిగా ఉందనిపించి చిన్న ఉద్యోగి “నిండు నూరేళ్ళు చల్లగా ఉండండి” అని చేర్చుతాడు. ‘ఉండండి’లో మన్నన ఉంది. అయినా వాక్యం పెద్దముత్తైదువ నోటినుండి వచ్చినట్లే ఉంటుంది. ముప్పై ఏళ్ళవాడు యాభై ఎనిమిదేళ్ళవారిని దీవించినట్లవుతుంది. తప్పు సర్వనామంలో లేదు, దిశలో ఉంది. ఇలాంటిచోట తెలుగు రచయితలు సహజంగా మూడు మార్గాలు పట్టారు.

ఒకటి, దీవించే పనిని దైవానికి అప్పగించడం. “ఆ భగవంతుడు మీకు ఆయురారోగ్యాలు ప్రసాదించాలని ప్రార్థిస్తున్నాను” అన్నప్పుడు కర్త భగవంతుడు, చిన్నవాడు ప్రార్థించేవాడు మాత్రమే, అధికారి మళ్ళీ ‘మీకు’ స్థానంలోకే వెళ్ళాడు. అయితే ఎదుటివారి విశ్వాసాలు తెలియని చోట ఈ వాక్యం ఇబ్బంది కలిగించవచ్చు. రెండు, ‘కలుగుగాక’, ‘అగుగాక’ వంటి ప్రాచీన ఆశీరర్థక రూపాలు. వీటికి పురుషభేదం కనిపించదు. కానీ నేటి వాడుకలో ఇవి పురోహితుని గొంతును తెచ్చిపెడతాయి. సభాపత్రాల్లో తప్ప మిగిలినచోట బిగుసుకుపోయినట్లుంటాయి.

మూడవది అన్నిటికన్నా విరివిగా వాడుకలో ఉన్నది. “మీరు ఆయురారోగ్యాలతో ఉండాలని కోరుకుంటున్నాను.” ‘ఉండాలి’ అనే రూపానికి పురుషప్రత్యయం లేదు. నేను ఉండాలి, నువ్వు ఉండాలి, మీరు ఉండాలి, ఆయన ఉండాలి. రూపం ఒకటే. ‘మీరు’ తీసేస్తే “ఆయురారోగ్యాలతో ఉండాలని కోరుకుంటున్నాను” అనే వాక్యం ఎవరికైనా చెల్లుతుంది. సమూహ సందేశాల్లో సరిగ్గా అలాగే వాడుతున్నారు. కానీ ఈ రూపంలో ఒక ఉచ్చు కూడా ఉంది. ‘ఉండాలి’కి కోరిక, విధి అనే రెండర్థాలున్నాయి. “మీరు ఆరోగ్యంగా ఉండాలి సర్” అని ఆపేస్తే వైద్యుని సలహాలా వినిపిస్తుంది. ‘అని కోరుకుంటున్నాను’ అన్న తోక ఆ విధిని కోరికగా మార్చుతుంది. పైకి లాంఛనంగా కనిపించే ఆ తోకే వాక్యాన్ని కాపాడుతోంది.

‘నూరేళ్ళు’ అనే మాట విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ‘నిండు నూరేళ్ళు’ మంగళవాచకం. ‘నూరేళ్ళు నిండాయి’ చావుమాట. రెండూ అవే పదాలు, వరుస మారింది. ‘నూరేళ్ళు నిండాలి’ అని తొందరలో రాసిన వాక్యం ఈ రెండింటి నడుమ ఊగుతుంది. మిత్రులు ఈ ఊగిసలాటను తెలిసే వాడుకుంటారు. “బిల్లు కట్టకపోతే ఇవాళే నీకు నూరేళ్ళు నిండుతాయి” అని.

దిశకు సంబంధించిన ఈ సూత్రం తెలుగునేల అంతటా ఒకే బిగితో పనిచేయదు. తెలంగాణ వాడుకలో “అన్నా, నువ్వు సల్లగుండాలె” అనే మాట తనకన్నా పెద్దవాడైన ‘అన్న’తోనే అనడం వినిపిస్తుంది. అక్కడ ‘నువ్వు’ అగౌరవం కాదు, ‘సల్లగుండాలె’ పెద్దరికపు దీవెన కూడా కాదు. ‘అన్నా’ అన్న పిలుపే కావలసిన మన్ననను మోస్తుంది, తరువాతి క్రియ స్వేచ్ఛగా ఉంటుంది. అదే వాక్యాన్ని కోస్తా జిల్లా నుండి వచ్చిన అధికారికి పంపితే అది చనువుగా చేరుతుందో, చొరవగా చేరుతుందో పంపినవాడు చెప్పలేడు. మాండలికాన్ని బట్టి మన్నన వాక్యంలో వేర్వేరు చోట్ల స్థిరపడుతుందన్న అంశం విడిగా పరిశోధించదగినది.

4. నింద ఎప్పుడు స్తుతి అవుతుంది:

మిత్రుని సందేశంలో పైకి కనిపించేది నింద. ముసలివాడివి, బుద్ధిలేనివాడివి, పిసినారివి. ఆలంకారికులు చెప్పిన వ్యాజస్తుతి రెండు విధాలు. నిందచేత స్తుతి తోచడం ఒకటి, స్తుతిచేత నింద తోచడం రెండవది. పుట్టినరోజు పరిహాసం మొదటి కోవలోకి వస్తుంది. ఇందులో స్తుతించబడేది మాత్రం మిత్రుని గుణం కాదు, మైత్రి. “నిన్ను ఇంత మాట అన్నా మన మధ్య ఏమీ చెడదు” అన్నదే వ్యంగ్యార్థం. కనుక శుభాకాంక్ష అనే మాట లేకపోయినా శుభాకాంక్ష చేరుతుంది.

వ్యాజస్తుతి నెరవేరాలంటే నింద నిందగా నిలవకూడదు. ముప్పై ఐదేళ్ళ మిత్రుణ్ణి ‘ముసలాడివి’ అంటే అది స్పష్టమైన అబద్ధం, అందుకే నవ్వు. అరవై దాటినవారిని అంటే అది నిజం, నవ్వు సగం ఆగుతుంది. పెళ్ళి కోసం ఐదేళ్ళుగా ప్రయత్నిస్తున్నవాడికి “ఈ ఏడైనా ఎవరో ఒకరు దొరకాలి” అని రాస్తే అందులో వ్యాజం లేదు, గాయం మాత్రమే ఉంది. ఉద్యోగం లేని మిత్రుని జీతం గురించి, సంతానం కోసం ఎదురుచూస్తున్న స్నేహితురాలి ఇంటి గురించి చేసే ఛలోక్తులదీ ఇదే స్థితి. నింద నెపం అని శ్రోతకు వెంటనే తెలియాలి, తెలిసేది అబద్ధమైనప్పుడో, విలువ లేనిదైనప్పుడో మాత్రమే. పరిహాసం బెడిసిన గుర్తు కూడా రాతలో దొరుకుతుంది. తిట్టుకు తిట్టు రాకుండా “థాంక్స్” అనే ఒంటరి మాట వచ్చిందంటే మిత్రుడు కర్త స్థానం నుండి తప్పుకున్నాడని అర్థం.

తిట్టుకు తిట్టు రావడం ఇక్కడ నియమం. మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో ప్రచురించిన వ్యాసంలో పరిహాస సంబంధాన్ని అనుమతించబడిన అమర్యాదగా వివరించాడు. ఒకరు ఎగతాళి చేయాలి, రెండవవారు కోపగించుకోకూడదు. తెలుగు కుటుంబంలో ఈ అనుమతి ఎవరెవరి మధ్య ఉందో వరసలే చెబుతాయి. బావ, బావమరిది, మరదలు మేలమాడుకోవచ్చు. మామగారితో కూడదు. స్నేహితులు ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకోవడం యాదృచ్ఛికం కాదు. పరిహాసపు హక్కు ఉన్న వరసనే స్నేహం అరువు తెచ్చుకుంది. ‘మామా’ విషయం ఇంకా చిత్రమైనది. ‘గారు’ చేరిన మామ భయభక్తులకు పాత్రుడు, ‘గారు’ లేని మామ సినిమాకు కలిసి వెళ్ళేవాడు. ‘ఒసేయ్’, ‘ఏమే’ అని పిలుచుకొనే స్నేహితురాళ్ళ మధ్య కూడా ఇదే పరస్పరత ఉంది. ఒక స్త్రీ తన స్నేహితురాలిని అన్న ‘ముసలిదానా’ అనే మాటను ఆమెతో పనిచేసే పురుషుడు అరువు తెచ్చుకోలేడు. హక్కు మాటకు లేదు, వరసకు ఉంది.

అధికారి విషయంలో చెడేది ఈ పరస్పరతే. ఆయన చిన్న ఉద్యోగిపై ఛలోక్తి విసరవచ్చు, తిరిగి విసిరే హక్కు ఉద్యోగికి లేదు. అధికారి స్వయంగా సరదా మనిషి అయినా పరిస్థితి మారదు. ఆయన నవ్వాడంటే అనుమతి ఇచ్చాడని అర్థం కాదు, ఆ పూటకు ఊరుకున్నాడని మాత్రమే. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లనే కార్యాలయ సమూహాల్లో ఛలోక్తి పెట్టిన పది నిమిషాలకు దాన్ని తొలగించిన గుర్తు మిగులుతుంది. ఆ గుర్తు ఛలోక్తి కన్నా ఎక్కువసేపు మాట్లాడుతుంది.

5. బాసూ, గురూ:

అధికారిని ఏమని పిలవాలన్నదానిలో తెలుగు ఒక తమాషా చేసింది. ‘బాస్’ ఆంగ్లంలో అధికారివాచకం. తెలుగు సంబోధనగా మారి ‘బాసూ’ అయ్యేసరికి స్నేహితుడయ్యాడు. “ఏంటి బాసూ, పార్టీ లేదా?” అన్నది సమానుల మాట. ‘గురువు’ కూడా అంతే. ‘గురువుగారూ’ అంటే గౌరవం, ‘గురూ’ అంటే టీకొట్టు దగ్గరి చనువు. అధికారస్థానాన్ని తెలిపే మాటలు ‘గారు’ లేకుండా నేరుగా పిలుపులోకి దిగగానే కిరీటం తీసి పక్కన పెడుతున్నాయి. ‘సర్’, ‘మేడమ్’ మాత్రం ఇంకా అలా జారలేదు. అందుకే కార్యాలయాల్లో వాటిమీద ఇంత భారం పడుతోంది. ‘సారూ’ అన్న రూపం అప్పుడే సగం దారిలో ఉంది.

అంతర్జాలంలో దొరికే తయారు శుభాకాంక్షలు ఈ సూక్ష్మాలను పట్టించుకోవు. “ఒక అద్భుతమైన బాస్‌కు పుట్టినరోజు శుభాకాంక్షలు” అనే వాక్యంలో ‘ఒక’ తెలుగు కాదు, ‘అద్భుతమైన’ అనే విశేషణం తీర్పు. కింది ఉద్యోగి పై అధికారికి మార్కులు వేస్తున్నట్లుంటుంది. “మీరు చాలా బాగా నాయకత్వం వహిస్తున్నారు” అన్నా అంతే. ప్రశంస కూడా ఆశీస్సువలె పైనుండి కిందికి వచ్చేదే. గుణాన్ని కొలిచేవాడు కొలవబడేవాడి కంటే పైన నిలబడతాడు. ఆ వాక్యం నిజాయితీగా రాసినా ముఖస్తుతిగా చదవబడే ప్రమాదం ఇందువల్లనే.

6. ఒక సందేశ పరిశీలన:

కొత్తగా చేరిన అధ్యాపకుడు శాఖాధిపతికి ఇలా రాశాడనుకుందాం: “హ్యాపీ బర్త్‌డే సర్. మీరు ఇంకా యంగ్‌గానే కనిపిస్తున్నారు. ఇలాగే నిండు నూరేళ్ళు చల్లగా ఉండండి. పార్టీ ఎప్పుడు సర్?”

మొదటి వాక్యంలో దోషం లేదు. ఆంగ్లపదబంధం సర్వనామపు ఎంపికను తప్పిస్తుంది, ‘సర్’ సంబంధాన్ని చెబుతుంది. చదువుకున్నవారు మాతృభాష వదిలి దీన్ని వాడటానికి కేవలం ఫ్యాషన్ కారణం కాకపోవచ్చు. ఎటూ తేల్చనవసరం లేని వెసులుబాటు అందులో ఉంది. రెండవ వాక్యంలో ‘ఇంకా’ అనే అవ్యయం, ‘గానే’లోని ఏవార్థకం కలిసి చెప్పకూడని విషయాన్ని చెప్పేశాయి. వయసు పైబడిందన్నది ముందే అంగీకృతమైనట్లు, కనిపించకపోవడం వింత అయినట్లు. పొగడ్తగా బయలుదేరి స్తుతివ్యాజనిందగా చేరింది. మూడవ వాక్యం దీవెన, దాని దిశాదోషం పైన చూశాం. నాలుగవది నిలదీత. ‘పార్టీ ఎప్పుడు’ అని అడిగే హక్కు మిత్రులదీ, ఇచ్చే ఇష్టం అధికారిదీ.

దీన్నే సవరిస్తే: “సర్, మీకు హృదయపూర్వక జన్మదిన శుభాకాంక్షలు. మీరు ఆయురారోగ్యాలతో ఉండాలని కోరుకుంటున్నాను. నా మొదటి సెమిస్టర్ పాఠ్యప్రణాళికకు మీరు చేసిన సవరణలు తరగతిలో ఎంతో ఉపకరించాయి. ధన్యవాదాలు.” మూడవ వాక్యం ఇక్కడ పరిశీలించదగినది. ఇంతవరకు చెప్పిన సూత్రానికి ఇది మినహాయింపులా కనిపిస్తుంది. ‘మీరు చేసిన’లో అధికారి కర్తే. కానీ ఆ క్రియ విశేషణంగా మారి వాక్యం లోపల ఒదిగింది. ప్రధానక్రియ ‘ఉపకరించాయి’, దాని కర్త సవరణలు. కొలవబడింది ఆయన గుణం కాదు, పూర్తయిన ఒక పని ఫలితం. ఆ ఫలితం రాసినవాడి అనుభవంలోనిది, కనుక చెప్పే అధికారం అతనికి ఉంది. పొడి లాంఛనానికీ ముఖస్తుతికీ నడుమ దొరికే ఇరుకైన చోటు ఇదే. అలాంటి నిజమైన పని ఏదీ గుర్తుకు రాకపోతే మొదటి రెండు వాక్యాల దగ్గర ఆగిపోవడం ఉచితం. ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా చెప్పిన క్షేమేంద్రుడు వాక్యంతో పాటు క్రియను, విశేషణాన్ని, నిపాతాన్ని కూడా ఔచిత్యస్థానాలుగా విడివిడిగా పరిశీలించాడు. ఈ నాలుగు పంక్తుల్లో ఆ అన్నీ పరీక్షకు నిలబడవలసి వచ్చాయి.

తేదీ గురించి కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. పాత తరం ఉద్యోగుల్లో చాలామందికి బడిలో చేర్చేటప్పుడు రాయించిన పుట్టినతేదీ ఒకటి, అసలుది ఒకటి. కార్యాలయానికి తెలిసేది రికార్డు తేదీ. ఆ రోజు వెల్లువెత్తే శుభాకాంక్షలను ఆ అధికారి చిరునవ్వుతో స్వీకరిస్తాడు, సరిదిద్దడు. అసలు తేదీ ఇంటివారికీ, ఊరి స్నేహితులకూ తెలుసు. వారు ఫోన్ చేసి “సర్కారు లెక్కలో నువ్వు ఇంకా పుట్టలేదురా” అంటారు. క్రియ లేని శుభాకాంక్ష రికార్డు తేదీకి అతికినట్లు సరిపోతుంది, ఎందుకంటే అది పుట్టుక గురించి ఏమీ చెప్పదు.

7. మిత్రుడే అధికారి అయినప్పుడు:

రెండు పద్ధతులూ ఒకే మనిషి దగ్గర కలిసే సందర్భం కఠినమైన పరీక్ష. ఒకే గదిలో ఉండి పరిశోధన చేసిన ఇద్దరిలో ఒకరు అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారనుకోవాలి. ఇరవై ఏళ్ళుగా “ఒరేయ్ మామా” అని రాసిన రెండవ మిత్రుడు అధ్యాపకుల సమూహంలో ఇప్పుడేమి రాయాలి? అక్కడ ‘ఒరేయ్’ అంటే మిత్రునికి నొప్పి కలగదు, ఆ వాక్యాన్ని చదివే మిగిలిన ముప్పై మంది ముందు ప్రిన్సిపాల్ పదవికి కలుగుతుంది. అధికారం ఇద్దరి మధ్య లేదు, చూసేవారి కళ్ళలో ఉంది. పోనీ ‘మీకు హృదయపూర్వక’ అని రాస్తే అది వెక్కిరింతగానో, అలకగానో మిత్రునికి తగులుతుంది. ముందు చెప్పినట్లు మిత్రునికి ప్రయోగించిన గౌరవం తిరగబడే గుణం గలది.

వాడుకలో కనిపించే పరిష్కారం ప్రథమపురుష. “మా ప్రిన్సిపాల్ గారికి జన్మదిన శుభాకాంక్షలు.” ఈ వాక్యం ‘నువ్వు’, ‘మీరు’ రెండింటినీ తప్పించుకుంది. పదవికి ఇవ్వవలసినది పదవికి ఇచ్చింది, మనిషితో ఏమీ మాట్లాడలేదు. మనిషితో మాట వేరే గవాక్షంలో, అదే నిమిషంలో జరుగుతుంది. “చూశావా, గారు అన్నాను. బిర్యానీ రెండు ప్లేట్లు.” రెండవ సందేశంలో మొదటిది కూడా ఛలోక్తికి ముడిసరుకైంది.

ఈ ఏర్పాటు నిలవాలంటే రెండవ గవాక్షం తెరిచే ఉండాలి. పదవి వచ్చిన రెండు మూడేళ్ళకు ఆ ఏకాంత సందేశంలో కూడా ‘రా’ జారిపోయి, “హ్యాపీ బర్త్‌డే” అనే సంబోధన లేని వాక్యం మిగిలే సందర్భాలున్నాయి. దానికి జవాబుగా “థాంక్స్ రా” అని వస్తే, చనువును తిరిగి పిలవవలసిన పని ఇప్పుడు పై స్థానంలో ఉన్నవారిదే అయింది. మరుసటి ఏడు రెండవ మిత్రుడు ఏ క్రియతో మొదలుపెడతాడన్నది ఆ ఒక్క ‘రా’ మీద ఆధారపడి ఉంటుంది.